ముఖ్య అతిథి పరిచయం: పొగడకుండా, తప్పుల్లేకుండా, రెండు నిమిషాల్లో

(డిగ్రీ కాలేజీ లెక్చరర్లకీ, స్టేజీ మీద యాంకరింగ్ చేసే స్టూడెంట్స్‌కీ పెట్టిన వర్క్‌షాప్‌లో మాట్లాడింది. రికార్డింగ్ విని టైప్ చేసిన పాఠం.)

అందరికీ నమస్తే. నన్ను పరిచయం చేసిన అమ్మాయి బాగా చేసింది, దేని గురించి మాట్లాడబోతున్నానో ముందే తెలుసు కాబట్టి భయపడి రెండు వాక్యాల్లో ముగించేసింది. (నవ్వులు) అమ్మా, నిజంగానే అంటున్నా, అది చాలు.

సరే, విషయానికి వద్దాం. మన కాలేజీ ఫంక్షన్ ఎలా నడుస్తుందో మీకు తెలుసు. అతిథుల్ని ఒక్కొక్కరిగా వేదిక మీదకి పిలవడం, జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనా గీతం, బొకేలు, తర్వాత అధ్యక్షుల వారి తొలిపలుకులు, ప్రిన్సిపాల్ గారి రిపోర్టు, అప్పుడు వస్తుంది ముఖ్య అతిథి పరిచయం. అంటే పరిచయం చేసేవాడు మైకు పట్టుకునే టైముకే జనం అరగంట పైన కూర్చుని ఉన్నారు, వెనక వరసల్లో పిల్లలు ఫోన్లు తీసేశారు, పైగా అతిథి గారికి ఊరికెళ్ళే రైలు టైము దగ్గర పడుతోంది. ఆ టైములో మనవాడు జేబులోంచి నాలుగు పేజీల కాగితం తీస్తాడు. మొదటి వాక్యమే "పరిచయం అక్కర్లేని వ్యక్తి" అని. అక్కర్లేదని చెప్పి ఆరు నిమిషాలు పరిచయం చేస్తాడు.

ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చింది అంటే నా లెక్కలో సన్మాన పత్రం నుంచి. సన్మాన పత్రం వేరే సరుకు. ఫ్రేము కట్టించి, శాలువా కప్పి, జ్ఞాపికతో పాటు చేతికిచ్చేది, అందులో పొగడ్త ఉండాలి, ఉంటేనే అందం, దానికో సంప్రదాయం ఉంది, పద్యాలు కూడా రాస్తారు. పరిచయం పని అది కాదు. ఎదురుగా కూర్చున్న జనానికి ఈయన ఎవరు, ఈ విషయం మీద ఈయన మాట విని తీరాల్సిన కారణం ఏంటి, ఇప్పుడు దేని మీద మాట్లాడతారు, ఈ మూడు చెప్పి పక్కకి తప్పుకోవడం. కానీ రాసేవాడికి దొరికే నమూనా ఏంటి, పోయినేడాది సన్మాన పత్రం. అందులో పేరు మార్చి చదివేస్తున్నారు. అందుకే కంటి డాక్టరు గారూ, బ్యాంకు మేనేజర్ గారూ, కవి గారూ అందరూ మన స్టేజీల మీద "నిగర్వి, నిరాడంబరుడు, మృదుభాషి, స్నేహశీలి" అయిపోతున్నారు.

ఇప్పుడు ఒక నమూనా చదువుతాను. ఇది ఒక కాలేజీలో నా చేతికి సరిచూడమని ఇచ్చిన కాగితం, మనిషి ఎవరో తెలియకుండా పేరు తీసేసి, కొన్ని వివరాలు మార్చాను. అతిథి ఒక వ్యవసాయ శాస్త్రవేత్త, రిటైర్ అయినాయన. వినండి.

"పరిచయం అక్కర్లేని మహామనీషి, బహుముఖ ప్రజ్ఞాశాలి, రైతు బాంధవుడు, నిగర్వి, నిరాడంబరుడు, అంతర్జాతీయ ఖ్యాతి గడించిన మేటి శాస్త్రవేత్త, ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి 1984లో బంగారు పతకంతో పట్టభద్రులై, సాంబ మసూరి వంటి సన్న బియ్యాన్ని ఆంధ్ర దేశానికి అందించి, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో శాస్త్రవేత్తగా సేవలందించి, 200కు పైగా పరిశోధన పత్రాలు రచించి, ఎన్నో జాతీయ, అంతర్జాతీయ పురస్కారాలు అందుకుని, వ్యవసాయ శాస్త్రానికే వన్నె తెచ్చిన వారు మన కళాశాలకు విచ్చేయడం మన పూర్వజన్మ సుకృతం. వారి గురించి చెప్పబూనడం సూర్యుడికి దివిటీ పట్టడమే."

ఇది మొదటి పేరానే, ఇంకా మూడు పేజీలుంది, మిమ్మల్ని ఆ బాధ పెట్టను. వినడానికి గంభీరంగానే ఉంది కదా, చప్పట్లు కూడా పడతాయి. కానీ పెన్సిల్ తీసుకుని కూర్చుందాం.

నేను ముందు విశేషణాల జోలికి పోను. చాలామంది సరిచేయడం అంటే పొగడ్తలు కొట్టేయడం అనుకుని అక్కడ మొదలుపెడతారు. నేను మొదట నిజాలు చూస్తాను, ఎందుకంటే పొగడ్త ఉంటే జనం మహా అయితే విసుక్కుంటారు, తప్పు నిజం ఉంటే అతిథి గారు స్టేజీ మీద కూర్చుని ఇబ్బంది పడతారు. ఆయన లేచి "అది నేను కాదండీ" అనాలా, ఊరుకోవాలా? ఊరుకుంటే హాల్లో ఉన్న ఇంకో శాస్త్రవేత్త అబద్ధాన్ని ఒప్పుకున్నాడు అనుకుంటాడు. లేచి చెబితే మనల్ని అవమానించినట్టు ఉంటుంది. ఆ ఇరకాటంలోకి మనిషిని నెట్టేది మనమే.

ఈ పేరాలో పెద్ద మాట సాంబ మసూరి. బీపీటీ 5204, మనందరం తినే సన్నబియ్యం, బాపట్ల రకం, 1986లో విడుదలైంది. ఇప్పుడు కాగితం మూడో పేజీలో ఏముందో చూడండి, "1991లో యూనివర్సిటీ సర్వీసులో చేరిన నాటి నుంచి" అని ఉంది. 1986లో వచ్చేసిన రకాన్ని 1991లో ఉద్యోగంలో చేరినాయన ఎలా ఇస్తాడు? రాసినవాడు అబద్ధం రాయాలని రాయలేదు. ఎవరో "సార్ సాంబ మసూరి మీద పనిచేశారు" అన్నారు, ఆ "మీద పనిచేశారు" రెండు నోళ్ళు దాటేసరికి "అందించారు" అయింది. ఒక కొత్త వరి రకం వెనక ఏళ్ళ తరబడి ఒక టీమ్ ఉంటుంది, సంకరం చేసేవాళ్ళు వేరు, తెగుళ్ళూ పురుగులూ చూసేవాళ్ళు వేరు, రైతు పొలాల్లో ట్రయల్స్ వేసేవాళ్ళు వేరు. ఒక్కడే సృష్టికర్త అని రాస్తే మిగతా వాళ్ళందరి పని కూడా ఈయన ఖాతాలో వేసినట్టు.

అందుకే నా మొదటి పని, కాగితంలో ఉన్న ఏళ్ళన్నీ మార్జిన్‌లో వరసగా రాసుకోవడం. డిగ్రీ ఏడాది, ఉద్యోగంలో చేరిన ఏడాది, అవార్డు ఏడాది, రిటైరైన ఏడాది. ఇంకేం తెలియకపోయినా సగం తప్పులు ఆ వరసలోనే బయటపడతాయి. వ్యవసాయం గురించి మీకు ఓనమాలు రాకపోయినా 1986 ముందా 1991 ముందా అనేది తెలుస్తుంది కదా.

అదే పద్ధతిలో యూనివర్సిటీ పేరు. 1984లో ఎన్జీ రంగా యూనివర్సిటీ అనే పేరే లేదు. 1964లో పెట్టినప్పటి నుంచి అది ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, పాతవాళ్ళు ఏపీఏయూ అంటారు, ఎన్జీ రంగా గారి పేరు 1996లో వచ్చింది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపు ఉన్నది జయశంకర్ గారి పేరుతో వేరే యూనివర్సిటీ అయింది. ఇది ఈయన ఒక్కడి సమస్య కాదు. వరంగల్ రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ 1959 నాటిది, ఎన్ఐటీ అయింది 2002లో. 1980లో అక్కడ చదివినాయన్ని "ఎన్ఐటీలో చదివారు" అంటే ఆయన క్లాస్‌మేట్స్ నవ్వుకుంటారు, వాళ్ళకి అది ఎప్పటికీ ఆర్ఈసీయే. "అప్పటి ఆర్ఈసీ, ఇప్పటి ఎన్ఐటీ" అంటే పాతవాళ్ళకీ తెలుస్తుంది, పిల్లలకీ తెలుస్తుంది. మన వ్యవసాయం ఆయనకైతే ఇంకా సులువు, యూనివర్సిటీ పేరే తీసేసి "బాపట్ల వ్యవసాయ కళాశాల" అంటే సరి, ఆ కాలేజీ అప్పుడూ ఇప్పుడూ అదే పేరు.

తర్వాత ఫిలిప్పీన్స్. "శాస్త్రవేత్తగా సేవలందించి" అని ఉంది. ఇక్కడ ఏళ్ళు కూడా ఇవ్వలేదు, ఏళ్ళు లేని చోట అనుమానించండి. ఆయనకి ఫోన్ చేసి అడిగితే చెప్పింది ఏంటంటే, మూడు నెలల ట్రైనింగ్‌కి వెళ్ళారు. మూడు నెలల ట్రైనింగ్ చిన్న విషయం కాదు, కానీ అది ఉద్యోగం కాదు. మన పరిచయాల్లో ఈ రకం ఉబ్బు చాలా మామూలు, రెండు వారాల కోర్సు చేస్తే "ఫలానా యూనివర్సిటీలో విద్యనభ్యసించారు", ఒక లెక్చర్ ఇస్తే "విజిటింగ్ ప్రొఫెసర్", నాలుగు నెలలు ఇన్‌ఛార్జిగా ఉంటే "మాజీ వైస్ ఛాన్సలర్". పట్టుకోవాలంటే ఒకటే ప్రశ్న, "అక్కడ ఎంత కాలం సార్, ఏ హోదాలో?" చాలామంది నిజమే చెబుతారు, వాళ్ళు కోరి ఉబ్బించింది కాదు కాబట్టి.

బంగారు పతకం కూడా అడిగాను. కోర్సు మొత్తానికి కాదట, ఒక సబ్జెక్టులో ఫస్ట్ వచ్చినందుకు ఒక దాత పేరిట ఇచ్చింది. ఆయనే "అది ఇప్పుడెందుకండీ, నలభై ఏళ్ళయింది" అన్నారు. తీసేశాం. 200 పేపర్ల సంగతి ఏంటంటే, అందులో పత్రికల్లో రాసిన రైతు వ్యాసాలూ, కరపత్రాలూ, రేడియో ప్రసంగాలూ కూడా కలిపేశారు ఎవరో. వాటిని తక్కువ చేయట్లేదు, రైతుకి అసలు చేరింది అవే. కానీ "పరిశోధన పత్రం" అన్న మాటకి ఆ రంగంలో ఒక అర్థం ఉంది, అది తెలిసినవాడు హాల్లో ఒక్కడున్నా చాలు. నన్నడిగితే పేపర్ల సంఖ్య చెప్పనే వద్దు. డిగ్రీ కాలేజీ ఫంక్షన్‌లో 60 అన్నా 200 అన్నా జనానికి తేడా తెలియదు, చెవిలో పడి పోయే అంకె కోసం రిస్క్ ఎందుకు.

ఇక అవార్డులు. "ఎన్నో జాతీయ, అంతర్జాతీయ పురస్కారాలు" అనే మాట కనపడితే అక్కడ చెప్పుకోదగ్గది ఒక్కటీ దొరకలేదని అర్థం, లేదా రాసినవాడు అడగలేదని అర్థం. అవార్డు చెబితే మూడూ చెప్పాలి, పేరు, ఇచ్చినవాళ్ళు, ఏడాది. ఆ మూడూ తెలియకపోతే వదిలేయండి. ఇక్కడ కాసేపు ఆగుతాను, ఎందుకంటే మన తెలుగు సభల్లో అవార్డుల దగ్గరే ఎక్కువ పప్పులో కాలేస్తున్నాం.

సాహిత్య అకాడమీనే తీసుకోండి. "సాహిత్య అకాడమీ అవార్డు గ్రహీత" అంటారు. ఏ అకాడమీ? కేంద్రం వాళ్ళదా, రాష్ట్రానిదా? ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ అని ఒకటి 1957లో పెట్టారు, 1983లో రద్దు చేశారు, అది కూడా బహుమతులిచ్చింది. కేంద్ర సాహిత్య అకాడమీ అనుకుందాం, అందులోనూ ప్రధాన పురస్కారం వేరు, అనువాద పురస్కారం వేరు, బాల సాహిత్య పురస్కారం వేరు, యువ పురస్కారం వేరు. అనువాదానికి వచ్చినాయన్ని ఉత్తినే "అకాడమీ అవార్డు గ్రహీత" అంటే ఆయన చేసిన అసలు పని, ఆ అనువాదం, చెప్పకుండా దాచేసినట్టవుతుంది. "ఫలానా పుస్తకం అనువాదానికి ఫలానా ఏడాది కేంద్ర సాహిత్య అకాడమీ అనువాద పురస్కారం" అంటే ఒక వాక్యమే కదా, ఎంత నిండుగా ఉందో చూడండి. అకాడమీ వెబ్‌సైట్‌లో భాషల వారీగా, ఏళ్ళ వారీగా లిస్టు ఉంటుంది, రెండు నిమిషాల పని.

పద్మ అవార్డుల గురించి మీలో ఎంతమందికి తెలుసో నాకు తెలియదు, వాటిని పేరుకి ముందు గానీ వెనక గానీ బిరుదులా తగిలించకూడదు. రాజ్యాంగంలో 18వ అధికరణం బిరుదులు వద్దంటుంది. మరి పద్మశ్రీ బిరుదు కాదా అని కేసు పడితే సుప్రీంకోర్టు 1995లో బాలాజీ రాఘవన్ కేసులో ఇవి బిరుదులు కావు, అవార్డులే, ఇవ్వొచ్చు, కానీ పేరుకి తగిలించి వాడకూడదు అని చెప్పింది. మన సినిమా టైటిల్స్‌లో పేరు ముందు పద్మశ్రీ వేసిన గొడవ హైకోర్టు దాకా కూడా వెళ్ళింది. కాబట్టి "పద్మశ్రీ ఫలానా గారు" అని పిలవడం, ఆహ్వాన పత్రికలో అలా అచ్చేయడం ఆయనకి గౌరవం చేసినట్టు కాదు, చిక్కు తెచ్చినట్టు. "ఫలానా ఏడాదిలో పద్మశ్రీ అందుకున్నారు" అనండి, అందులో ఏ ఇబ్బందీ లేదు. ఏడాది కావాలంటే padmaawards.gov.in లో చూసుకోవచ్చు.

ఇంకోటి, "నోబెల్ బహుమతికి నామినేట్ అయ్యారు". ఇది విన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. నోబెల్ నామినేషన్లు 50 ఏళ్ళ పాటు రహస్యంగా ఉంచుతారు, కమిటీ చెప్పదు. బతికున్న అతిథి గురించి ఆ మాట అన్నామంటే మనం రుజువు చేయలేని మాట అన్నట్టే. కొట్టేయండి.

సరే, నిజాలు అయ్యాయి. ఇప్పుడు పొగడ్తలు. ఇక్కడ నేను కొట్టేయడం కన్నా ముందు ఒక పని చేస్తాను, ప్రతి విశేషణం పక్కన "ఎలా?" అని రాస్తాను. "రైతు బాంధవుడు", ఎలా? జవాబు దొరికితే ఆ జవాబు పెట్టి విశేషణం తీసేస్తాను. దొరక్కపోతే ఉత్తినే తీసేస్తాను. "నిగర్వి", ఎలా? దీనికి జవాబు లేదు, ఉన్నా స్టేజీ మీద చెప్పేది కాదు, పోయింది. "మహామనీషి" పోయింది. "అంతర్జాతీయ ఖ్యాతి", మూడు నెలల ట్రైనింగేగా, పోయింది. "పూర్వజన్మ సుకృతం" పోయింది, పాపం ఆయన ప్రయాణ ఖర్చులిచ్చి పిలిస్తే వచ్చారు. (నవ్వులు) దివిటీ కూడా ఆర్పేశాం.

కానీ "రైతు బాంధవుడు" దగ్గర మాత్రం జవాబు దొరికింది. ఫోన్‌లో అడిగాను, "సార్, మీరు చేసిన పనుల్లో రైతులు మిమ్మల్ని దేనితో గుర్తుపడతారు?" అని. ఆయన ఏ మాత్రం ఆలోచించకుండా "కాలిబాటలు" అన్నారు. నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పారు, ఆయన కీటక శాస్త్రవేత్త, వరిలో దోమపోటు మీద పనిచేశారు. దోమ మొక్క మొదట్లో చేరి రసం పీలుస్తుంది, పైరు దట్టంగా ఉండి గాలీ వెలుతురూ లోపలికి పోకపోతే బాగా పెరుగుతుంది, మందు కొట్టినా అది పైన ఆకుల మీదే పడుతుంది, అడుక్కి చేరదు. అందుకని నాట్లప్పుడే ప్రతి 2 మీటర్లకి 20 సెంటీమీటర్ల కాలిబాట వదలమని చెబుతారు, గాలి ఆడుతుంది, మనిషి లోపలికి నడిచి మొదళ్ళు చూడొచ్చు, మందు కొట్టాల్సి వస్తే అడుగుకి కొట్టొచ్చు. ఆ బాట వదిలితే ఎకరంలో అంత మేర పంట పోతుంది కదా అని రైతులు ఒప్పుకునేవాళ్ళు కాదట, ఈయన నాట్ల టైములో ఊళ్ళకి వెళ్ళి తాడు కట్టి చూపించేవారట. ఇది కనిపెట్టింది నేను కాదు, శాఖ సిఫార్సే, నేను చూపించిన వాళ్ళలో ఒకణ్ణి అంతే అని కూడా ఆయనే అన్నారు. చూశారా, ఇంత బంగారం లాంటి విషయం నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. ఉన్నదల్లా బహుముఖ ప్రజ్ఞాశాలి.

అందుకే బయోడేటా పంపండి అని అడగొద్దు. అడిగితే ప్రమోషన్ కోసం తయారుచేసుకున్న ఫైలు వస్తుంది, అందులో కాన్ఫరెన్సుల లిస్టే ఉంటుంది. వాట్సాప్‌లో ఇలా అడగండి: "నమస్తే సార్, శుక్రవారం ఫంక్షన్‌లో మిమ్మల్ని పరిచయం చేసేది నేను. మీ పేరు స్టేజీ మీద ఎలా పలకాలి? ఈ రోజు విషయానికి దగ్గరగా మీరు చేసిన పని ఒకటి రెండు చెప్పగలరా, ఏళ్ళతో? ప్రసంగం టైటిల్ ఏంటి? రాసి మీకు పంపిస్తాను, తప్పులుంటే దిద్దండి." అంతే. పేరు ఎందుకు అడగాలంటే మన పేర్లతో ఉన్న గొడవ మీకు తెలుసు, ఇంటిపేరు ముందు, మధ్యలో మూడు ఇనీషియల్స్, సర్టిఫికెట్‌లో ఒకటి, జనం పిలిచేది ఇంకోటి. ఆయన్ని అందరూ చివరి పేరుతో పిలుస్తుంటే మీరు ఇనీషియల్స్ అన్నీ విప్పి చదివితే హాల్లో సగం మందికి ఎవరో తెలియదు. ఆడవాళ్ళ విషయంలో పెళ్ళికి ముందు ఇంటిపేరుతోనే పుస్తకాలు రాసినవాళ్ళు ఉంటారు, ఆమె ఏ పేరు కావాలంటే అదే.

ఆడవాళ్ళు అంటే గుర్తొచ్చింది, అతిథి మహిళ అయితే మనవాళ్ళు తప్పకుండా ఒక వాక్యం పెడతారు, "ఒక ఇల్లాలిగా, ఇద్దరు పిల్లల తల్లిగా ఇంటి బాధ్యతలు చూసుకుంటూనే" అని. మగ శాస్త్రవేత్తకి ఎప్పుడైనా "ముగ్గురు పిల్లల తండ్రిగా" అన్నారా? ఆ వాక్యాన్ని పొగడ్త అనుకునే రాస్తారు. మొహమాటం లేకుండా తీసేయండి.

ఇప్పుడు తిరగరాసింది చదువుతాను.

"ఈ రోజు మన ముఖ్య అతిథి వరిలో పురుగుల మీద 30 ఏళ్ళు పనిచేసిన కీటక శాస్త్రవేత్త. 1984లో బాపట్ల వ్యవసాయ కళాశాలలో బీఎస్సీ పూర్తి చేశారు. 1991లో వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఉద్యోగంలో చేరి, 2022లో రిటైర్ అయ్యేదాకా ఎక్కువ కాలం దోమపోటు మీదే పనిచేశారు. పొలంలో ప్రతి 2 మీటర్లకి ఒక కాలిబాట వదిలితే దోమ తగ్గుతుందని నాట్ల సమయంలో ఊళ్ళకి వెళ్ళి, తాడు కట్టి రైతులకి చూపించిన శాస్త్రవేత్తల్లో ఈయన ఒకరు. మీలో వ్యవసాయ కుటుంబాల నుంచి వచ్చిన వాళ్ళు మీ పొలంలో ఆ బాటలు చూసే ఉంటారు. ఇప్పుడు 'దోమపోటు: మందు కొట్టే ముందు చూడాల్సినవి' అనే విషయం మీద మాట్లాడతారు. డాక్టర్ ఫలానా గారు."

అయిపోయింది. స్టేజీ మీద నిదానంగా చదివినా నిమిషం దాటి కొంచెం, అంతే. ఫిలిప్పీన్స్ ట్రైనింగ్ ఎందుకు తీసేశానంటే అది నిజమే గానీ ఈ రోజు ప్రసంగానికి అక్కర్లేదు. నిజమైనదల్లా చెప్పాలని లేదు కదా. పీహెచ్‌డీ ఎక్కడ చేశారో కూడా చెప్పలేదు, పేరు ముందు డాక్టర్ అన్నది ఆ పని చేసేసింది. అన్నట్టు ఆ డాక్టర్ కూడా అడిగి పెట్టండి, గౌరవ డాక్టరేట్ అయితే పేరు ముందు డాక్టర్ పెట్టకపోవడమే మర్యాద, "ఫలానా యూనివర్సిటీ గౌరవ డాక్టరేట్ ఇచ్చింది" అంటే చాలు. పేరు చివర పెట్టాను గమనించారా, పేరు వినగానే చప్పట్లు పడతాయి, ఆయన లేచి మైకు దగ్గరికి రావచ్చు. పేరు ముందే చెప్పేస్తే జనం చప్పట్లు కొట్టేస్తారు, ఆయన లేవాలా వద్దా అని సగం లేచి కూర్చుంటారు.

ఇంకో విషయం, ప్రసంగంలో ఏం చెబుతారో మీరు చెప్పేయకండి. "దోమపోటు వస్తే ఇలా చేయాలని సార్ వివరిస్తారు" అని మూడు పాయింట్లు మీరే లాగించేస్తే ఆయనకి ఏం మిగులుతుంది. టైటిల్ వరకే మన హద్దు.

రాసింది ఆయనకి పంపండి. పంపితే ఒక్కోసారి ఆయనే ఇంకా తగ్గిస్తారు, ఈయన "30 ఏళ్ళు" దగ్గర "సర్వీసు అంతా పురుగుల మీదే కాదు, రెండేళ్ళు అడ్మినిస్ట్రేషన్‌లో ఉన్నాను" అన్నారు, "30 ఏళ్ళు" తీసి "దాదాపు 30 ఏళ్ళు" చేశాం. కాగితం మీద పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసుకోండి, ఫోన్‌లో చూసి చదవకండి, మధ్యలో కాల్ వస్తే స్క్రీన్ పోతుంది. ఇంగ్లీషు పొడి అక్షరాలుంటే ఎలా పలకాలో తెలుగులో రాసుకోండి. ఒకసారి గట్టిగా చదివి టైము చూసుకోండి, రెండు నిమిషాలు దాటితే ఏదో ఒకటి పోవాలి.

ప్రశ్నలున్నాయా? ఆ, చెప్పండి మేడమ్.

(ప్రశ్న: మా కరస్పాండెంట్ గారు ఇలా చప్పగా ఉంటే ఒప్పుకోరండీ. అతిథి గారికి మర్యాద చేయలేదు అంటారు.)

ఇది అందరికీ ఉన్న కష్టమే. మీరు ఆయనతో వాదనకి దిగకండి, గెలవరు. పొగడ్తకి మన ప్రోగ్రామ్‌లోనే ఒక చోటు ఉంది, సన్మానం. ఆ విశేషణాలన్నీ తీసుకెళ్ళి సన్మాన పత్రంలో పెట్టండి, కరస్పాండెంట్ గారినే చదవమనండి, ఆయన సంతోషంగా చదువుతారు. అతిథి మాట్లాడాక వచ్చే పొగడ్తకి అప్పటికే జనం ఆయన్ని విని ఉంటారు కాబట్టి అంత ఎబ్బెట్టుగా ఉండదు. నిజాల విషయంలో మాత్రం తగ్గొద్దు, సన్మాన పత్రమైనా సాంబ మసూరి ఆయనది కాదు. మంత్రిగారో కలెక్టరు గారో వస్తే "గౌరవ" అని హోదాతో పిలవడం ప్రోటోకాల్, దాన్ని పొగడ్త అనుకుని తీసేయకండి, తర్వాత మీకే పిలుపొస్తుంది.

(ప్రశ్న: అతిథే స్వయంగా నాలుగు పేజీలు రాసి పంపి ఇదే చదవండి అంటే?)

అంటారు, ఉన్నారు అలాంటివాళ్ళు. అప్పుడు ఫోన్ చేసి "సార్, పరిచయానికి రెండు నిమిషాలే ఇచ్చారు, మీ ప్రసంగం టైములో కోత పడకూడదని. ఇందులో ఏ మూడు విషయాలు ఉంచమంటారు?" అనండి. ప్రసంగం టైము తగ్గుతుందంటే ఎవరైనా వింటారు. అయినా ఒప్పుకోకపోతే మొత్తం ప్రింట్ తీయించి ఆహ్వాన పత్రికతో పాటు కుర్చీల్లో పెట్టించండి, "వారి పూర్తి వివరాలు మీ చేతిలో ఉన్నాయి" అని మీరు రెండు నిమిషాలదే చదవండి. అచ్చేసే ముందు అందులో ఉన్న ఏళ్ళు మాత్రం మార్జిన్‌లో వరసగా రాసుకుని చూడండి, అచ్చులో ఉన్న తప్పు కాలేజీ పేరు మీదే ఉంటుంది.

(ప్రశ్న: చివరి నిమిషంలో వేరే అతిథి వస్తే?)

అది మనకి ప్రతిసారీ జరిగేదే. ఆయన టీ తాగుతుండగా వెళ్ళి పక్కన కూర్చోండి, పేరు, ఏం పని చేస్తారు, ఎన్నాళ్ళుగా, ఈ రోజు దేని మీద మాట్లాడతారు, నాలుగూ కాగితం మీద రాసుకుని ఆయనకే చూపించండి. నాలుగు వాక్యాలు అవుతాయి, అవే చదవండి. టీ బ్రేక్ అన్నాను కదా, బయట మనకీ పెట్టినట్టున్నారు, పదండి.